పాడైన చేతిపంపును పరిశోధన ప్రశ్నగా ఎలా మార్చాలి?

ఊరి చేతిపంపును ఉదయం చాలాసేపు కొడితే గానీ నీళ్లు పడటం లేదని ఒక బాలుడు గమనించాడనుకుందాం. పంపు పాడైందని అందరూ వదిలేసిన చోట అతను మరొకటి చూశాడు: నీళ్లు పడటం మొదలయ్యాక ధారలో లోపమేమీ లేదు. పరిశోధనకు దారి చూపేది ఈ రెండో గమనికే. నీటిని పైకి నెట్టే సిలిండరులోని వాషర్లు అరిగితే సాధారణంగా ధారే తగ్గుతుంది. ధార బాగుండి మొదటి నీళ్లు మాత్రమే ఆలస్యమైతే, పంపు ఆగి ఉన్నంతసేపు గొట్టంలోని నీరు ఎక్కడో కారిపోతోందని అనుమానించాలి.

మొదట ఈ అనుమానాన్ని కొలవగలిగే ప్రశ్నగా మార్చుకోవాలి: పంపు ఎంతసేపు ఆగితే, ఎన్నిసార్లు కొట్టాక నీళ్లు పడతాయి?

తరువాత ధార బాగా పడుతున్నప్పుడు పిడిని 40 సార్లు పూర్తిగా కొట్టి నీటిని కొలవాలి. మన ఉదాహరణలో 12 లీటర్లు వచ్చాయి, అంటే ఒక్కోసారికి 0.3 లీటరు.

ఇప్పుడు అసలు కొలత. పంపును 10, 20, 40, 60 నిమిషాలు, ఆపైన ఒక రాత్రంతా ఆపి, ప్రతిసారీ నీళ్లు పడేదాకా ఎన్నిసార్లు కొట్టాలో రాయాలి. మధ్యలో ఎవరైనా ఒక్క బిందె పట్టుకున్నా ఆ కొలత పనికిరాదు కనుక ఎవరైనా కాపలా ఉండాలి. ఒక్కో విరామాన్ని కనీసం మూడుసార్లు పరీక్షించాలి. బాలుడికి వరుసగా 6, 11, 17, 18 వచ్చాయి, రాత్రంతా ఆపినా 18 దాటలేదు.

ఆ 18 దగ్గర ఆగిపోవడమే ఈ పరిశోధనకు ప్రాణం. నీరు కొంత లోతు వరకే దిగి నిలిచిపోతోందన్నమాట. 18 సార్లకు 5.4 లీటర్లు; మీటరు గొట్టంలో, పిడిని సిలిండరుకు కలిపే కడ్డీ ఆక్రమించే చోటు పోగా, సుమారు 0.9 లీటరు పడుతుందనుకుంటే ఆ లోతు 6 మీటర్లు. గొట్టాలు 3 మీటర్లవైతే రెండో అతుకు సరిగ్గా అక్కడే ఉంటుంది. అయితే నీటిని కిందికి జారనివ్వకుండా అడుగున ఆపే ఫుట్ వాల్వు కారినా నీరు బోరులోని నీటిమట్టం దాకా దిగి ఆగుతుంది. అందువల్ల ఆ మట్టం 6 మీటర్ల కంటే బాగా లోతున ఉంటేనే అతుకును అనుమానించాలి.

దీంతో పరిశోధన ఆలోచన స్పష్టమవుతుంది: గొట్టాలు పైకి లాగకుండానే కారే చోటును చెప్పవచ్చా? మెకానిక్ వచ్చే ముందే అంచనాను తేదీతో రాసిపెట్టి, పంపు విప్పగానే నీటిమట్టాన్ని బరువు కట్టిన తాడుతో కొలిచి, గొట్టాలు తీశాక తుప్పు, చిల్లు, వదులైన మర ఎక్కడున్నాయో పోల్చాలి. ఒక్క పంపుతో తేల్చకుండా ఇతర పంపులపైనా ఇలాగే చేయాలి. రెండు చోట్ల కారితే ఆఖరి సంఖ్య కింది చిల్లునే చూపుతుంది. పై చిల్లు ఉనికి తెలియాలంటే మొదటి నిమిషాల్లో సంఖ్య ఎంత వేగంగా పెరిగిందో విడిగా చూడాలి.