వెబినార్ ఓపెనింగ్ సాగిపోతోందా? లేటుగా వచ్చేవాళ్లతో సహా అందరికీ పనికొచ్చే స్క్రిప్ట్ ఎలా రాయాలి (సమస్య - పరిష్కారం)

11 గంటలకి అని పిలుస్తాం, 11:07 దాటితే గానీ అసలు విషయం మొదలవదు. మీ వెబినార్ పరిస్థితి కూడా ఇంతేనా అన్నది ఊహించక్కర్లేదు, పాత రికార్డింగ్ ఒకటి తెరిచి వినండి. "ఇది వినకపోతే నాకు నష్టమయ్యేది" అనిపించే మొదటి వాక్యం ఏ నిమిషంలో వచ్చిందో రాసుకోండి. ఆ తర్వాత అటెండీ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేయండి. జూమ్ వెబినార్ అయితే ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు వెళ్లిపోయారో అందులో టైమ్‌తో సహా ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, టైమ్‌కి వచ్చి కూడా ఏమీ దొరక్క వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో కనిపిస్తుంది. నా దృష్టిలో ఓపెనింగ్ బాగు చేయాల్సింది ముందు వాళ్ల కోసమే.

కింద చెప్పేవన్నీ ఒకే ఉదాహరణ మీద చూద్దాం. ఎక్సెల్‌లో పెద్ద డేటాని గుంపులుగా చేసి లెక్క చూపే పివట్ టేబుల్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి 45 నిమిషాల వెబినార్, 11:00కి మొదలు, 11:45కి ముగింపు. మాట్లాడేవాళ్లు ఒకరు, చాట్ చూసుకునేవాళ్లు ఒకరు.

సమస్య: "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం, జనం వస్తున్నారు" అంటూనే టైమ్ అయిపోతోంది

కారణం మొహమాటం అనుకుంటాం గానీ, అసలు తప్పు స్క్రిప్ట్‌లో ఉంటుంది. స్వాగతం, మన పరిచయం, ఈరోజు ఏం చెప్తాం, ప్రశ్నలు ఎలా అడగాలి, రికార్డింగ్ సంగతి, ఇవన్నీ ఒకే ముద్దగా రాసుకుంటాం. ముఖ్యమైనవన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి అందరూ వచ్చాకే చెప్పాలనిపిస్తుంది, కానీ అందరూ రావడం అనేది ఎప్పటికీ జరగదు. ముందు మీటింగ్ సరిగ్గా 11కి అయినవాళ్లు ఉంటారు, లింక్ నొక్కగానే యాప్ అప్‌డేట్ అడిగినవాళ్లు ఉంటారు, ఆడియో పర్మిషన్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లు ఒక్కసారిగా రారు, ఒక్కొక్కరుగా వస్తూనే ఉంటారు, మీరు మూడు నిమిషాలు ఆగినా నాలుగో నిమిషంలో వచ్చేవాళ్లు ఉంటారు.

పరిష్కారం: ముద్దని విడగొట్టండి. 11:00కి అర నిమిషం పలకరింపు, తర్వాత మూడు, మూడున్నర నిమిషాలు ఒక చిన్న విషయం, 11:04కి ఈరోజు ఏం దొరుకుతుందో, ఏది దొరకదో చెప్పే అసలు ఎక్స్‌పెక్టేషన్స్, 11:05కి పాఠం. ఈ మధ్యలో వచ్చే చిన్న విషయమే ఓపెనింగ్‌కి ప్రాణం, దాన్ని ఎంచుకోవడంలోనే చాలామంది తడబడతారు. ముందు వచ్చినవాళ్లకి అది నిజంగా లాభం కావాలి, కానీ అది విననివాళ్లకి తర్వాతి పాఠం ఆగిపోకూడదు. సరదా పోల్, "ఎక్కడి నుంచి చేరారో చాట్‌లో రాయండి" లాంటివి రెండో షరతు తీరుస్తాయి గానీ మొదటిది తీర్చవు. "ముందుగా ఈ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోండి" అనేది మొదటిది తీరుస్తుంది, రెండో దాని దగ్గర దెబ్బతింటుంది, ఎందుకంటే ఆ ఫైల్ లేనివాళ్లు మిగతా అంతా చూస్తూ కూర్చోవడమే.

మన ఉదాహరణలో ఆ స్థానానికి సరిపోయేది "పివట్ టేబుల్‌ని పాడుచేసే మూడు తప్పులు". హెడర్ వరసలో ఒక సెల్ ఖాళీగా ఉంటే పివట్ టేబుల్ తయారే కాదు, ఎర్రర్ వస్తుంది. అంకెలు టెక్స్ట్‌గా సేవ్ అయి ఉంటే కూడిన మొత్తం రావాల్సిన చోట, ఎన్ని సెల్స్ ఉన్నాయన్న లెక్క వస్తుంది. హెడర్‌లో సెల్స్ మెర్జ్ చేసి ఉంటే మళ్లీ మొదటి ఎర్రరే. వాళ్ల సొంత షీట్‌లో వెంటనే చూసుకోగలిగిన విషయం ఇది. 11:05 తర్వాత మనం వాడే ఫైల్ ముందే శుభ్రం చేసి ఉంటుంది కాబట్టి, ఇది మిస్సయినవాళ్ల పని కూడా ఏమీ ఆగదు.

మొదటి మాటలు ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్కారం. ఇది పివట్ టేబుల్ వెబినార్. 11:45కి ఆపేస్తాం. పాఠం 11:05కి మొదలవుతుంది, ఈలోపు టైమ్‌కి వచ్చిన మీకోసం ఒక పనికొచ్చే విషయం. మీ షీట్ తెరిచి ఉంటే మొదటి వరస చూడండి, అందులో ఒక్క సెల్ ఖాళీగా ఉన్నా పివట్ టేబుల్ రాదు. ఎందుకో చూపిస్తాను."

ఇందులో మన పరిచయం లేదని గమనించండి. పేరు, ఉద్యోగం స్లైడ్ మీద ఉంటే చాలు, 11:04 దగ్గర ఒక్క వాక్యం చెప్పొచ్చు.

సరిగ్గా ఎంచుకున్నామా అన్నది ఇలా తేలుతుంది: 11:05 నుంచి ఉన్న స్క్రిప్ట్ మాత్రమే, మొదటి భాగం చూడని ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు "ఇందాక ఏం చెప్పారు?" అని అడిగితే ఆ విషయం తప్పు చోట ఉంది.

సమస్య: చాట్‌లో "ఇప్పుడే వచ్చాను, ఏం మిస్సయ్యాను?", "రికార్డింగ్ ఇస్తారా?", "ఫైల్ ఎక్కడ?" ఆగకుండా వస్తున్నాయి

కారణం రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ సమాచారం నోటితో ఒక్కసారే చెప్పి వదిలేశాం. రెండోది చాలామందికి తట్టదు: జూమ్ వెబినార్‌లో మామూలుగా, చేరక ముందు చాట్‌లో పడిన మెసేజ్‌లు లేటుగా వచ్చినవాళ్లకి కనబడవు. మీరు 10:59కి పెట్టిన లింక్ మీ స్క్రీన్ మీద చక్కగా ఉంటుంది, 11:06కి వచ్చిన మనిషికి మాత్రం చాట్ ఖాళీ. మీరేమో "లింక్ చాట్‌లో ఉంది" అంటారు, వాళ్లేమో పైకి కిందకి వెతుకుతూ ఉంటారు.

ఈ ప్రశ్నలు చూసి కంగారుపడి మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెడితే, టైమ్‌కి వచ్చినవాళ్లు అదే రెండోసారి వినాలి. రీక్యాప్ వద్దు, దాని బదులు పదిహేను సెకన్ల లోపు అయిపోయే మాట ముందే రాసిపెట్టుకోండి. అందులో ఇప్పుడు ఎక్కడున్నాం, వాళ్లు వెంటనే ఏం చేయాలి, మిగతాది ఎక్కడ దొరుకుతుంది అన్నవి మాత్రమే ఉండాలి:

"ఇప్పుడే చేరినవాళ్లకి స్వాగతం. మనం సేల్స్ షీట్‌తో మొదటి పివట్ టేబుల్ చేస్తున్నాం. ఫైల్ లింక్ ఇప్పుడే చాట్‌లో మళ్లీ పడింది, తెరిచి మాతో కలవండి. ముందు చెప్పింది రికార్డింగ్‌లో ఉంటుంది."

"లేటుగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాను" అని మొదలుపెట్టకండి. వచ్చినవాళ్లకి చిన్నతనం, ఉన్నవాళ్లకి విసుగు. ఇంకొకటి, ఈ మాట చెప్పే సమయాన్ని ఎవరో చేరారన్న నోటిఫికేషన్ నిర్ణయించకూడదు. కొందరు ప్రతి కొత్త పేరు దగ్గర ఆగి పలకరిస్తారు, అది మర్యాదే గానీ ప్రతిసారీ ఒక వాక్యం మధ్యలో తెగుతుంది. పాఠంలో ఒక పని ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట పెట్టుకోండి. మన ఉదాహరణలో ఫైల్ తెరిచాక 11:08 ప్రాంతంలో ఒకసారి, మొదటి టేబుల్ పూర్తయ్యాక 11:15కి ఒకసారి. రెండోసారికి "ఎక్కడున్నాం" అన్న వాక్యం మారుతుంది కాబట్టి రెండూ విడివిడిగా రాసుకోండి. ఆ తర్వాత నోటితో ఆపేయండి, స్లైడ్ కింద సన్నటి పట్టీలో ముగింపు టైమ్, ప్రశ్నలు ఎక్కడ రాయాలో ఉంటే సరిపోతుంది.

చాట్ చూసేవాళ్లకి కూడా స్క్రిప్ట్ కావాలి. మీరు "స్వాగతం" అనగానే లింక్‌తో ఉన్న రెండు వాక్యాలు పేస్ట్ చేయాలని వాళ్ల కాగితం మీద రాసి ఉండాలి. మీరు ఒక్కరే నడుపుతుంటే ఆ టెక్స్ట్‌ని నోట్‌ప్యాడ్‌లో సిద్ధంగా పెట్టుకోండి.

సమస్య: ఎజెండా చెప్పాం, అయినా మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వస్తున్నాయి, కొందరు నిరాశతో వెళ్లిపోతున్నారు

మనం ఎజెండా చదివి ఎక్స్‌పెక్టేషన్స్ చెప్పేశాం అనుకుంటాం, చిక్కు అక్కడే. "పరిచయం, పివట్ టేబుల్ అంటే ఏంటి, డెమో, ప్రశ్నలు" అన్న జాబితా మనం ఏం చేస్తామో చెప్తుంది. వచ్చినవాళ్లకి తెలియాల్సింది చివరికి వాళ్లేం చేయగలరు, ఈరోజు ఏది ఉండదు, ప్రశ్న ఎప్పుడు అడగాలి, ఎప్పుడు వెళ్లిపోవచ్చు అని. "ప్రశ్నలు ఎప్పుడైనా అడగండి" అన్న వాక్యం దయచేసి తీసేయండి. అది వినడానికి మంచిగానే ఉంటుంది, కానీ పాఠం పన్నెండు చోట్ల తెగడానికి అదే అనుమతి.

11:04కి చెప్పేది:

"11:45కల్లా మీ సేల్స్ డేటాని నెలవారీగా, ప్రాంతాలవారీగా విడగొట్టే టేబుల్ మీరే చేసుకోగలుగుతారు. చార్టులు, మాక్రోలు ఈరోజు లేవు. ప్రశ్నలు క్యూ అండ్ ఏలో రాస్తూ ఉండండి, 11:20కి ఒకసారి, 11:38కి ఒకసారి ఆగి తీసుకుంటాను. రికార్డింగ్ రేపు మెయిల్‌లో వస్తుంది, కానీ ఈరోజు మాతో పాటు చేస్తే మీ ఫైల్‌లో వచ్చే తప్పులకి ఇక్కడే జవాబు దొరుకుతుంది."

"ఈరోజు లేవు" అన్న వాక్యం చెప్పడానికి చాలామందికి నోరు రాదు, జనం వెళ్లిపోతారేమోనని. చార్టుల కోసమే వచ్చినవాళ్లు కొందరు వెళ్లొచ్చు, వెళ్లనివ్వండి. వాళ్లు నలభై నిమిషాలు ఎదురుచూసి చివర్లో కోపంగా రాసేదానికంటే అది ఇద్దరికీ మేలు. రికార్డింగ్ మాట మాత్రం మొదటి వాక్యంగా పెట్టకండి, ఈరోజు ఉండడానికి ఇంకా కారణం చెప్పక ముందే ట్యాబ్ మూసేసుకోవడానికి కారణం ఇచ్చినట్టవుతుంది. చెప్పినప్పుడు కూడా, ఇప్పుడు ఉంటే దొరికి, రికార్డింగ్‌లో దొరకనిది ఏంటో పక్కనే చెప్పండి.

సమస్య: మొదటి వాక్యమే ఎవరికీ వినబడలేదు

కారణాలు చిన్నవే. జూమ్‌లో రికార్డింగ్ మొదలైనప్పుడు వినిపించే ప్రకటన మీ మాట మీద పడుతుంది, లేదా చేరినవాళ్లకి ఆడియో ఇంకా కలవలేదు. ప్రాక్టీస్ సెషన్‌లో మైక్, స్లైడ్స్ చూసుకుని, అందరినీ లోపలికి తీసుకున్నాక రికార్డింగ్ నొక్కి, ఆ ప్రకటన అయ్యేదాకా ఆగి మొదలుపెట్టండి. పై స్క్రిప్ట్‌లో మొదటి రెండు వాక్యాలు పోయినా నష్టం లేనివి కావాలనే పెట్టాను. "నా మాట వినబడుతోందా?" అని అందరినీ అడిగితే జవాబుల కోసం అర నిమిషం పోతుంది. మీ తోటివాళ్లని వేరే ఫోన్‌లో మామూలు అటెండీగా చేరమని, వినబడకపోతేనే మెసేజ్ పెట్టమనండి.

ఈ పద్ధతి అచ్చంగా పనిచేయని చోట్లు

యూట్యూబ్ లైవ్‌లో మీ మాట కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగకండి, అడిగి పాఠంలోకి వెళ్లిపోయి జవాబులు వచ్చాక తీసుకోండి. వెనక్కి జరిపి చూసే వీలు ఉంచితే 11:15కి చెప్పే రెండో స్వాగతం అక్కడ తీసేయొచ్చు కూడా.

హాజరు తప్పనిసరి అయిన చిన్న ట్రైనింగ్‌లో, మొదటి అడుగు అందరూ కలిసే వేయాలంటే, ఆగడం తప్పు కాదు. అప్పుడు ఆహ్వానంలోనే "10:55 నుంచి లింక్ పనిచేస్తుంది, 11:05కి మొదలు" అని రాసి, సరిగ్గా 11:05కి మొదలుపెట్టండి. అలాంటి సెషన్‌లో ఆ తర్వాత వచ్చినవాళ్లకి పదిహేను సెకన్ల మాట సరిపోదు. చాట్ చూసేవాళ్లు వాళ్లకి విడిగా మెసేజ్ పెట్టి మొదటి అడుగు చేయించాలి, అందుకు కావలసిన మెట్లు కూడా ముందే రాసి వాళ్ల దగ్గర ఉంచండి.