దిబ్బెరువు తోలే రోజుల్లో కాలికి దెబ్బ తగిలితే: టీటీ, కడగడం, కుట్లు

మన మెట్ట పొలాల్లో మృగశిర కార్తెకు ముందు దిబ్బెరువు తోలడం, గొర్రెల మంద కట్టించడం, గుంటక తోలడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. పాదం మీద పార దెబ్బలు, కంది కొయ్యకాళ్లు గుచ్చుకోవడం, చెప్పును చీల్చుకుని తుమ్మ ముల్లు దిగడం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలోనూ పశువుల, గొర్రెల పేడలోనూ గట్టి పెంకున్న విత్తనంలా ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఎండాకాలం ఎండకు చావదు. గాలి తగలని చోట మొలకెత్తి విషం తయారు చేస్తుంది. అందుకే వెడల్పుగా తెగి ధారాళంగా రక్తం కారిన గాయం కంటే, చుక్క రక్తమైనా రాని లోతు పోటుకు ఎక్కువ భయపడాలి.

పనులు మొదలుకాక ముందే ఇంట్లో ప్రతి ఒక్కరి టీకా లెక్క చూసుకోండి. దేశవ్యాప్త టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. అంతకు ముందు పుట్టిన మగవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు టీకాలు పడలేదు. ఆడవాళ్లకు కాన్పుల సమయంలో వేసిన టీటీలు లెక్కలోకి వస్తాయి. అంటే ఇంట్లో ఎక్కువ ముప్పున్నది సాధారణంగా పెద్ద వయసు మగవాళ్లకే. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక సూది వేయించుకున్నామని వాళ్లు చెబుతారు గానీ, పద్ధతిగా మూడు డోసులు పూర్తయ్యాయా అన్నదే అసలు ప్రశ్న. ఎప్పుడూ వేయించుకోని పెద్దవాళ్లకు మొదటి డోసు, నెల తర్వాత రెండోది, ఆ రెండోదానికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మూడోది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీటీ బదులు డిఫ్తీరియా టీకా కూడా కలిసిన టీడీ ఇస్తున్నారు. లెక్క రెండింటికీ ఒకటే. వేసిన తేదీని చీటీ మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి.

టీటీ ఆరు నెలలే పనిచేస్తుందని ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. మూడు డోసులు పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే, చివరి డోసు పడి 10 ఏళ్లు దాటితేనే మరొకటి కావాలి. మట్టి, పేడ అంటిన గాయమైనా, లోతు పోటైనా 5 ఏళ్లు దాటితే ఒకటి వేయించుకోవాలి. మూడు డోసులు పడనివాళ్లకు, లెక్క తెలియనివాళ్లకు పేడ అంటిన గాయమైతే ఒక్క టీటీ చాలదు. మొదటిసారి వేసిన టీకాకు ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారాలు పడుతుంది, జబ్బు మాత్రం 3 నుంచి 21 రోజుల్లోనే రావచ్చు. ఆ మధ్యకాలానికి సిద్ధంగా ఉన్న రక్షణను సూది ద్వారా ఎక్కించాలి. దాని పేరు టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్. మామూలు మోతాదు 250 యూనిట్లు. 24 గంటలు దాటినా, గాయం బాగా కలుషితమైనా 500 ఇస్తారు. టీడీ ఒక చోట, ఇది వేరే సిరంజితో మరో చోట వేస్తారు. చిన్న ఆసుపత్రుల్లో ఇది ఉండకపోవచ్చు కాబట్టి ముందుగా ఫోన్ చేసి అడగండి. ఒక రోజు ఆలస్యమైందని మానుకోవద్దు, ఆలస్యంగా వేసినా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కళ్యాణదుర్గం వైపు 55 ఏళ్ల రైతు జూన్ మొదటి వారంలో దిబ్బెరువు చల్లుతున్నాడనుకుందాం. పార జారి పాదం పైభాగం నాలుగు సెంటీమీటర్లు తెగింది. గాయంలో ఎరువు పడింది. టీకా సంగతి గుర్తులేదు.

ముందు రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో గుడ్డ ఎత్తితే కట్టుకున్న గడ్డ ఊడిపోయి రక్తం మళ్లీ మొదలవుతుంది. ఎంత అదిమినా చిమ్ముతూనే ఉంటే ఒత్తిడి వదలకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం ఆగాక కడగడం. మోటారు దగ్గరి గుంత నీళ్లు పనికిరావు, తాగే నీళ్లు కావాలి. పంపు కింద గానీ, బాటిల్ మూతకు రంధ్రం చేసి పిచికారీ కొట్టి గానీ, కనీసం పది నిమిషాలు గాయం లోపలికి ధార పడాలి. మురికిని బయటికి తోసేది ఆ ధారే. సబ్బు గాయం చుట్టూ ఉన్న చర్మానికి రుద్దండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపల పోస్తే మానాల్సిన కండే దెబ్బతింటుంది. పసుపు, సున్నం, కాఫీ పొడి, పేడ బూడిద, గడ్డి చామంతి రసం ఏదీ పెట్టవద్దు. పొడులు గాయానికి మూత వేసి క్రిములకు గాలి తగలని చోటు ఇస్తాయి, పేడ బూడిదతో ఆ క్రిమే లోపలికి పోవచ్చు.

ఆసుపత్రిలో మత్తు సూది ఇచ్చి సెలైన్‌తో మళ్లీ కడుగుతారు. సెంటీమీటరుకు సుమారు 100 మిల్లీలీటర్ల లెక్కన ఈ గాయానికి కనీసం 400 కావాలి. నలిగి చచ్చిన కండ ఉంటే కత్తిరిస్తారు. తర్వాత కుట్లు వేయకుండా తడి గాజు గుడ్డ పెట్టి కట్టు కట్టి పంపారనుకోండి, చాలామంది కోపం తెచ్చుకుని ప్రైవేటుకు పోయి కుట్టించుకుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. పేడ పడిన గాయాన్ని వెంటనే కుట్టేస్తే లోపల మిగిలిన క్రిములు, చీము అక్కడే బందీ అవుతాయి. రోజూ కట్టు మార్చి, నాలుగైదు రోజుల్లో చీము, వాసన లేకుండా ఎర్రగా శుభ్రంగా కనిపిస్తే అప్పుడు కుడతారు. పాదం మీది కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. ఇంట్లో కత్తిపీటకు తెగిన శుభ్రమైన గాయమైతే కొన్ని గంటల్లోపే కుట్టవచ్చు. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి 24 గంటల వరకూ వీలుంటుంది. ముల్లు పోట్లు, కుక్కకాట్లు సాధారణంగా కుట్టరు. కుక్కకాటుకు రేబిస్ టీకా సంగతి వేరుగా చూడాలి.

మన రైతుకు ఆ రోజే టీడీ, ఇమ్యునోగ్లోబులిన్ పడాలి. రెండో టీడీ జూలైలో, మూడోది సంక్రాంతి వెళ్లాక. గాయం మానిపోయాక ఈ రెండూ ఎగ్గొట్టడమే ఎక్కువగా జరిగే తప్పు. అలా చేస్తే వచ్చే ఏడాది పేడ అంటిన దెబ్బకు మళ్లీ ఇమ్యునోగ్లోబులిన్ కావాల్సి వస్తుంది.

ఇక గాయం చెడుతోందా అన్నది. మొదటి రెండు మూడు రోజులు అంచున కొద్దిగా ఎరుపు, వాపు, పలుచని పసుపు నీరు మామూలే. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గిన నొప్పి మూడో రోజు నుంచి పెరిగితే అది మొదటి గుర్తు. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు కాబట్టి చర్మం బిగిసి మెరవడం, చేయి పెడితే వేడి చూడండి. వాపు అంచున పెన్నుతో గీత గీసి, మర్నాడు గీత దాటిందేమో చూసుకోండి. చీము, చెడు వాసన, చలిజ్వరం, కాలు మీదుగా పైకి పాకే ఎర్రని చార, గజ్జల్లో బిళ్ల కట్టడం కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గాయం చిన్నదైనా భరించలేని నొప్పి, చర్మం నల్లబడటం, బొబ్బలు, నొక్కితే కరకరమనడం ఉంటే గంట కూడా ఆగకుండా కర్నూలు, అనంతపురం, కడపల్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు. వాళ్ల కట్టును రోజూ ఇంకొకరు విప్పి చూడాలి. ముల్లు గుచ్చుకున్న చోట పైన మానినా వారాల తర్వాత కూడా అడుగేస్తే నొప్పి అంటే లోపల ముల్లు ముక్కో చెప్పు రబ్బరు ముక్కో ఉండిపోయిందని అనుమానించాలి. పిన్నీసుతో కెలకవద్దు.

ధనుర్వాతానికి గాయంలో చీము పట్టాల్సిన పని లేదు, గాయం మానిపోయినట్టున్నా రావచ్చు. దెబ్బ తగిలిన మూడు వారాల్లో నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ముద్ద మింగలేకపోవడం, మెడ, పొట్ట కండలు బిగుసుకోవడం ఏది కనిపించినా పంటినొప్పి అనుకుని రోజులు గడపకండి. ఐసీయూ ఉన్న ఆసుపత్రికి 108లో తీసుకెళ్లండి. శబ్దం, వెలుగు, తాకడం ఈడ్పులను రేపుతాయి కాబట్టి దారిలో చుట్టూ గోల లేకుండా చూడండి. నోట్లో నీళ్లు, మాత్రలు పోయవద్దు.