ఆవకాయ కలిపే ముందు చూసుకోవాల్సినవి

☐ కాయలు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే కొట్టించండి. ముక్కల్లోని జీడి, టెంకకు అంటుకున్న పల్చటి పొర తీసి, ఒక్కో ముక్కనూ పొడి గుడ్డతో తుడవండి. బూజుకు మొదటి కారణం తడే.

☐ జాడీ, గరిటె ఎండలో పెట్టాలి. చేతికి తడి ఉండకూడదు.

☐ కిలో ముక్కలకు ఉప్పు సుమారు 200 గ్రాములు. బీపీ అని తగ్గించకండి, కావాలంటే తినేది తగ్గించండి.

☐ మూడో రోజు తిరగకలిపి రుచి చూడండి. ఉప్పు కాస్త ఎక్కువనిపించాలి, చాలకపోతే అప్పుడే కలపాలి. ముక్కల పైన వేలు మందాన నువ్వుల నూనె తేలాలి. తగ్గితే నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. పైకి తేలిన ముక్కకే ముందు బూజు పడుతుంది.

☐ బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినొద్దు, జాడీ మొత్తం పారేయాల్సిందే.