ప్రోబ్ ఎంత పోస్తున్నారో ముందు చూసుకోండి: ఫ్లోరెసెన్స్ పోలరైజేషన్ టైట్రేషన్‌కు జాగ్రత్తలు

ఈ వేసవి మొదట్లో చెన్నైలోని ఒక పరిశోధనాశాల, పత్రికకు పంపిన వ్యాసాన్ని తానే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఒకే ప్రోటీన్‌కు అతుక్కునే కొన్ని పెప్టైడ్‌లకు ఫ్లోరెసీన్ తగిలించి, ఒక్కొక్కదాన్నీ పోలరైజేషన్ పద్ధతిలో కొలిచి, అన్నింటి బంధన బలమూ దాదాపు ఒకటేనని అక్కడివారు రాశారు. విలువలన్నీ 25 నుంచి 30 నానోమోలార్ల మధ్యే వచ్చాయి. సమీక్షకులు కోరినందువల్ల మరో పద్ధతిలో కొలిస్తే, అదే పెప్టైడ్‌ల మధ్య పది రెట్ల తేడాలు బయటపడ్డాయి. యంత్రం చెడిపోలేదు, ప్రోటీన్ పాడవలేదు. ప్లేట్‌లోని ప్రతి వెల్‌లోనూ ప్రోబ్, అంటే రంగు తగిలించిన ఆ పెప్టైడ్, 50 నానోమోలార్లు ఉంది. తప్పు అంతా అక్కడే ఉంది.

మే నెలలో ఆంధ్ర, తెలంగాణల నుంచి ప్రాజెక్టు పనికి చెన్నైకి వచ్చే విద్యార్థులలో చాలామందికి మొదట అప్పగించే ప్రయోగాలలో ఈ టైట్రేషన్ ఒకటి. పిపెట్ పట్టుకోవడం, ప్లేట్ రీడర్ నడపడం ఎవరైనా నేర్పుతారు కనుక వాటి జోలికి వెళ్లను. ఎంతోమంది నెలల శ్రమను వృథా చేసిన ఆ ఒక్క తప్పు గురించే ఎక్కువగా రాస్తాను.

పోలరైజేషన్ ఎందుకు మారుతుంది

ఒకే దిశలో కంపించే కాంతితో ప్రోబ్‌ను ఉత్తేజపరిస్తే, ఆ దిశకు అనుకూలంగా నిలిచి ఉన్న అణువులే ఎక్కువగా కాంతిని పీల్చుకుంటాయి. ఫ్లోరెసీన్ ఉత్తేజస్థితిలో సుమారు 4 నానోసెకన్లు ఉండి, ఆ తరువాత కాంతిని వెలువరిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో అణువు ఎంత తిరిగిందన్నదే మనం కొలిచేది. పన్నెండు అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒక నానోసెకను లోపే దిశ మార్చుకుంటుంది కనుక, వెలువడే కాంతి అన్ని దిశలకూ చెదిరి పోలరైజేషన్ తక్కువగా కనిపిస్తుంది. అదే పెప్టైడ్ 30 కిలోడాల్టన్ల ప్రోటీన్‌కు అతుక్కుంటే, ఆ జంట తిరగడానికి పన్నెండు నానోసెకన్లకు పైగా పడుతుంది. కాంతి వెలువడే సమయానికి అది ఇంకా దాదాపు మొదటి దిశలోనే ఉంటుంది. 1926లో పెరాన్ ఇచ్చిన సమీకరణంలో ఈ సంఖ్యలు వేస్తే, విడిగా ఉన్న పెప్టైడ్‌కు 85 మిల్లీపోలరైజేషన్ యూనిట్లు, అంటే ఎంపీ, అతుక్కున్నదానికి 390 ఎంపీ పరిసరాల్లో వస్తుంది. వాస్తవంలో పై విలువ చాలా తక్కువగా, తరచుగా 200 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ప్రోటీన్ నిలకడగా ఉన్నా, రంగును పెప్టైడ్‌కు కలిపే పొడవైన లింకర్ చివర ఉన్న రంగు అణువు తనంతట తాను ఊగుతూనే ఉంటుంది. లింకర్‌ను పొట్టిగా ఎంచుకోండి. ప్రోటీన్‌కు అతుక్కునే అణువే, అంటే లైగాండే, పెద్దదైతే అది ముందే నెమ్మదిగా తిరుగుతుంది కనుక, అతుక్కున్నా పెద్ద తేడా కనిపించదు. ఈ పద్ధతికి చిన్న లైగాండ్ కావాలనడానికి కారణం ఇదే.

మనుషులను ముంచే తప్పు

ప్రోబ్ గాఢత కేడీ కంటే బాగా తక్కువగా ఉండాలి. పదో వంతు ఉంటే మంచిది, అయిదో వంతు దాటకూడదు.

ప్రోబ్‌లో సగం అతుక్కున్నప్పుడు విడిగా మిగిలిన ప్రోటీన్ ఎంత ఉందో, అదే కేడీ. కానీ గ్రాఫ్ అడుగున మనం వేసేది విడిగా మిగిలిన ప్రోటీన్‌ను కాదు, వెల్‌లో పోసిన మొత్తం ప్రోటీన్‌ను. ప్రోబ్ చాలా తక్కువగా ఉంటే అది పట్టుకునే ప్రోటీన్ లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి రెండూ ఒకటే అనుకోవచ్చు. ప్రోబ్ ఎక్కువైతే అలా అనుకోవడానికి వీల్లేదు. సగం ప్రోబ్‌ను నింపడానికి కావలసిన మొత్తం ప్రోటీన్ ఇలా ఉంటుంది:

```
P_half = Kd + L/2
```

ఇక్కడ `L` వెల్‌లోని మొత్తం ప్రోబ్. పైన చెప్పిన పరిశోధనాశాల లెక్కను ఇందులో వేసి చూడండి. ఒక పెప్టైడ్ అసలు కేడీ 2 నానోమోలార్లు అనుకుందాం, ప్రోబ్ 50. మధ్యబిందువు 2 + 25, అంటే 27 దగ్గర కనిపిస్తుంది. దానికంటే పది రెట్లు గట్టిగా అతుక్కునే పెప్టైడ్‌కు, అంటే 0.2 కేడీ ఉన్నదానికి, మధ్యబిందువు 25.2 దగ్గర వస్తుంది. పది రెట్ల తేడా పిపెట్ పొరపాటు కంటే చిన్న తేడాగా కుదించుకుపోయింది. వారు కొలిచింది బంధన బలాన్ని కాదు, తాము పోసిన ప్రోబ్‌లో సగాన్ని. అదే ప్రయోగంలో ప్రోబ్ 1 నానోమోలార్ అయి ఉంటే, మధ్యబిందువులు 2.5, 0.7 అని విడివిడిగా కనిపించేవి. రెండో విలువకు ఇంకా సవరణ అవసరమే అయినా, ఏది బలమైనదో ఎవరికైనా తెలిసేది.

ఈ తప్పులోని ప్రమాదం ఏమిటంటే కర్వ్ అందంగా వస్తుంది. ప్రోబ్ ఎక్కువ కనుక కొలతల్లో ఒడిదుడుకులు తక్కువ, బిందువులన్నీ గీత మీదే కూర్చుంటాయి. అనుమానించవలసింది ఆ గీత నిటారుతనాన్ని. సాధారణ బంధనంలో పది శాతం నుంచి తొంభై శాతానికి చేరడానికి ప్రోటీన్ 81 రెట్లు పెరగాలి. పై ఉదాహరణలోని మొదటి పెప్టైడ్‌కు దాదాపు 12 రెట్లు పెరిగితే చాలు. నిటారుగా లేచి హఠాత్తుగా చదునైన కర్వ్‌ను చూసి సహకార బంధనం ఉందని రాసేముందు, ప్రోబ్ ఎంత పోశారో చూసుకోండి.

తేల్చుకోవడానికి నమ్మకమైన దారి ఒకటే: అదే టైట్రేషన్‌ను రెండు ప్రోబ్ గాఢతల్లో, ఉదాహరణకు 1, 5 నానోమోలార్లలో, పక్కపక్కనే చేయండి. ప్రోబ్‌తో పాటు మధ్యబిందువు జరిగితే అది కేడీ కాదు.

ప్రోబ్ పట్టుకున్న ప్రోటీన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే వర్గ సమీకరణంతో ఫిట్ చేస్తే సరిపోతుందని కొందరు వాదిస్తారు. ప్రోబ్, కేడీ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు అది నిజమే, అప్పుడు తప్పక వాడాలి కూడా. ప్రోబ్ కేడీకి పాతిక రెట్లు ఉన్నప్పుడు మాత్రం ఆ సమీకరణం కూడా ఆదుకోదు. 27 నానోమోలార్ల మధ్యబిందువు దగ్గర ప్రోటీన్ గాఢతలో పది శాతం పొరపాటు అంటే 2.7 నానోమోలార్లు, మీరు వెతుకుతున్న కేడీయే 2. శుద్ధి చేసిన ప్రోటీన్‌లో నిజంగా పనిచేసే భాగం ఎంతో పది శాతం కచ్చితత్వంతో ఎంతమందికి తెలుసు?

టైట్రేషన్ వేయడం

కేడీ 10 నానోమోలార్ల పరిసరాల్లో ఉంటుందని అంచనా ఉన్నదనుకోండి. ముందుగా ప్రోబ్‌ను మాత్రమే పలుచన చేసి, ఖాళీ బఫర్ వెలుగు కంటే కనీసం మూడు రెట్లు, వీలైతే పది రెట్లు వెలుగు ఇచ్చే అతి తక్కువ గాఢతను కనుక్కోవాలి. మంచి రీడర్‌లో ఫ్లోరెసీన్ 1 నానోమోలార్ దగ్గర పనిచేస్తుంది. ప్రోటీన్‌ను 1000 నానోమోలార్ల నుంచి సగానికి సగం తగ్గిస్తూ, మొదటిదానితో కలిపి పదహారు మెట్లు దిగితే 0.03 దగ్గరకు చేరుతారు. పైన కేడీకి నూరు రెట్లు, అడుగున మూడు వందల వంతు, రెండు చదును భాగాలూ దొరుకుతాయి. ప్రతి మెట్టునూ కావలసిన దానికి రెట్టింపు గాఢతతో ట్యూబుల్లో చేసుకుని, 384 వెల్‌ల నల్ల ప్లేట్‌లో 20 మైక్రోలీటర్ల ప్రోటీన్‌కు 20 మైక్రోలీటర్ల 2 నానోమోలార్ ప్రోబ్ కలపండి. అప్పుడు ప్రతి వెల్‌లోనూ ప్రోబ్ 1 నానోమోలార్‌గానే ఉంటుంది.

ప్రోటీన్‌ను ఉత్త బఫర్‌తో పలుచన చేయవద్దు. స్టాక్‌లో గ్లిసరాల్ ఉంటే పై వెల్‌లలో ద్రవం చిక్కబడి, ప్రోటీన్‌కు అతుక్కోకపోయినా ప్రోబ్ నెమ్మదిగా తిరుగుతుంది, పోలరైజేషన్ పెరుగుతుంది, అది బంధనంలా కనిపిస్తుంది. ట్యూబులన్నిటిలోనూ గ్లిసరాల్, ఉప్పు, డీఎంఎస్ఓ సమానంగా ఉండేలా పలుచన బఫర్‌ను తయారుచేసుకోవాలి.

అత్యధిక ప్రోటీన్ ఉన్న కొన్ని వెల్‌లలో రంగు లేని అదే పెప్టైడ్‌ను 20 మైక్రోమోలార్లు కలపండి. పోలరైజేషన్ విడి ప్రోబ్ విలువ దగ్గరకు దిగాలి. దిగకపోతే మీరు చూస్తున్నది ఆ చోట జరిగే బంధనం కాదు. ప్రోటీన్ ముద్దకట్టి ఉండవచ్చు, లేదా రంగు అణువే ఎక్కడో అంటుకుని ఉండవచ్చు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

ప్రోబ్ గాఢతను తూకంతో కాదు, రంగు శోషణతో కొలవండి. విడి రంగు కలిసిన ప్రోబ్ వాడవద్దు; అది ఎప్పటికీ అతుక్కోదు, పై చదునును కిందికి లాగుతుంది.

ఖాళీ బఫర్ విలువను సమాంతర, లంబ తీవ్రతల నుంచి విడివిడిగా తీసివేయండి. ఎంపీ నుంచి తీసివేయవద్దు.

ఎంపీ ఒక్కటే చూడవద్దు. మొత్తం వెలుగు ప్రోటీన్‌తో మారుతుంటే, అతుక్కున్న ప్రోబ్ ప్రకాశం మారిందని అర్థం. పోలరైజేషన్‌ను అనైసోట్రోపీలోకి మార్చి, అతుక్కున్న ప్రోబ్, విడి ప్రోబ్ ప్రకాశాల నిష్పత్తితో సవరించకుండా ఫిట్ చేయవద్దు.

బఫర్‌లో 0.01 శాతం ట్వీన్-20 ఉంచండి. ఒక నానోమోలార్ ప్రోబ్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుని మాయమవుతుంది.

బీఎస్ఏ వేయవద్దు. అది చాలా రంగులను పట్టుకుంటుంది.

పీహెచ్ 7 కిందికి దించవద్దు. ఫ్లోరెసీన్ వెలుగు పడిపోతుంది.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. మంచు మీద నుంచి తీసిన ప్లేట్‌ను నేరుగా రీడర్‌లో పెడితే అడుగున నీరు పేరుకుంటుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చాక తుడిచి పెట్టండి. మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే ఆ రీడింగ్‌ను పారేయండి, ఎందుకంటే ఉష్ణోగ్రతతో ద్రవం చిక్కదనమూ కేడీ కూడా మారతాయి. ప్లేట్‌కు సీల్ వేసి ఉంచండి.

ఒక్కసారే చదివి ఆపవద్దు. కేడీ 1 నానోమోలార్, అతుక్కునే వేగం మామూలుగా ఉన్నా, విడిపోవడానికి అర్ధకాలం పదకొండు నిమిషాలకు పైనే. తక్కువ ప్రోటీన్ ఉన్న వెల్‌లు సమతాస్థితికి చేరడానికి గంట పడుతుంది. కేడీ 0.1 అయితే రాత్రంతా ఆగవలసి రావచ్చు. పదిహేను నిమిషాలు, ఒక గంట, మూడు గంటల దగ్గర చదవండి. మధ్యబిందువు ఎడమకు జరుగుతూ ఉంటే ఇంకా ఆగండి.

సిగ్నల్ బలహీనంగా ఉందని ప్రోబ్ పెంచవద్దు. గెయిన్ పెంచండి, ఫ్లాష్‌లు పెంచండి, ప్లేట్ మార్చండి, ఇంకా ప్రకాశవంతమైన రంగు తగిలించండి. ప్రోబ్ మాత్రం పెంచవద్దు.

మీ రీడర్ చూడగలిగే అతి తక్కువ ప్రోబ్ కూడా కేడీ కంటే ఎక్కువే అయితే, సంఖ్య రాయవద్దు. ప్రోబ్ 1 నానోమోలార్ ఉండి, మధ్యబిందువు 0.5 దగ్గరే కనిపిస్తుంటే, పట్టికలో «1 నానోమోలార్ కంటే తక్కువ» అని రాసి, పక్కనే ప్రోబ్ గాఢతను వేయండి.