గోడ మీద ఫ్రేము కట్టిన ఎన్‌ఓసీని ఎలా చదవాలి: బడిలో చేర్చే ముందు, ఆసుపత్రికి వెళ్లే ముందు

ప్రైవేటు బడికి గానీ ఆసుపత్రికి గానీ వెళితే రిసెప్షన్ వెనుక గోడకు రెండు మూడు అద్దాల ఫ్రేములు కనిపిస్తాయి. వాటిలో అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (అందరూ ఎన్‌ఓసీ అంటారు), భవన అనుమతి పత్రం, రిజిస్ట్రేషన్ ఉంటాయి. దొంగ కాగితం తగిలించేవాళ్లు తక్కువే. ఎక్కువసార్లు కాగితం అసలుదే, కాని అది మీరు నిలబడిన భవనం గురించి చెప్పదు. తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజినీరు కానక్కర్లేదు.

సమస్య 1: ఎన్‌ఓసీ ఉంది, పైన "ప్రొవిజనల్" అని ఉంది

కారణం: అగ్నిమాపక శాఖ రెండు దశల్లో పత్రాలిస్తుంది. కట్టడానికి ముందు ప్లాను చూసి ఇచ్చేది ప్రొవిజనల్ ఎన్‌ఓసీ. "ఇన్ని మెట్లదారులు, ఇంత నీటి ట్యాంకు, ఈ పంపులు పెడితే మాకు అభ్యంతరం లేదు" అని దాని అర్థం. కట్టడం పూర్తయ్యాక అధికారులు వచ్చి అవన్నీ నిజంగా పెట్టారో లేదో చూసి ఇచ్చేది ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ. మొదటిది మాట, రెండోది తనిఖీ.

భవన అనుమతిలోనూ ఇదే మెలిక. కట్టుకోవడానికి అనుమతి ఒకటి, కట్టాక ప్లాను ప్రకారమే ఉందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మరొకటి. గోడ మీద చాలాచోట్ల మొదటిదే వేలాడుతుంది.

పరిష్కారం: "ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించండి" అని పేరు పెట్టి అడగండి. "ఫైర్ ఎన్‌ఓసీ ఉందా?" అని అడిగితే ఉందనే చెబుతారు, అది అబద్ధం కూడా కాదు.

సమస్య 2: కాగితంలో ఉన్న భవనం వేరు, కళ్ల ముందున్నది వేరు

నాకు అనుభవమైంది ఇదే. మా అబ్బాయిని చేర్చాలని ఒక బడికి వెళ్లాను. ఎన్‌ఓసీ ఆక్యుపెన్సీదే, గడువూ ఉంది. అందులో "గ్రౌండ్ ప్లస్ 2, ఎత్తు 10 మీటర్లు" అని ఉంది. బయటికొచ్చి చూస్తే గ్రౌండ్ కాక మూడు అంతస్తులు. అడిగితే "పైది తాత్కాలికం అండీ" అన్నారు. ఆ తాత్కాలికంలో ఆరు తరగతి గదులున్నాయి.

ఎత్తు కొలవడానికి నాకు తెలిసిన సులువైన పద్ధతి మెట్లు లెక్కపెట్టడం. ఒక మెట్టు ఎత్తు స్కేలుతో కొలిస్తే 16 సెంటీమీటర్లు వచ్చింది. ఆవరణ నుంచి డాబా తలుపు దాకా 84 మెట్లు. అంటే దాదాపు 13.4 మీటర్లు. అంతస్తుకు 21 మెట్ల చొప్పున గ్రౌండుతో కలిపి మూడు అంతస్తులకు 63 మెట్లు, అంటే 10 మీటర్ల చిల్లర. కాగితం ఆగిన చోటు అదే.

కారణం: అనుమతులు వచ్చాక పిల్లలు పెరుగుతారు, గదులు చాలవు, డాబా మీద ఇంకో అంతస్తు లేస్తుంది. కొత్త అనుమతికి వెళితే రెండో మెట్లదారి కట్టమంటారు, దానికి స్థలం ఉండదు. అందుకే పాత కాగితాన్నే గోడ మీద ఉంచుతారు.

ఎత్తుకు ఇంత పట్టింపు ఎందుకంటే చట్టమే దాన్ని గీతగా పెట్టుకుంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం 13వ సెక్షన్ ఎన్‌ఓసీ తప్పనిసరి కావడానికి వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాసాలకు 18 మీటర్లు హద్దుగా పెట్టింది. బడుల వంటి జనం గుమిగూడే చోట్లకు ఆ హద్దు 6 మీటర్లే, లేదా 500 చదరపు మీటర్ల స్థలం. అంటే రెండంతస్తుల బడి కూడా ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. "మాది చిన్న భవనం, ఎన్‌ఓసీ అక్కర్లేదు" అనే జవాబు వింటే మెట్లు లెక్కపెట్టండి.

పరిష్కారం: కాగితంలో నాలుగు చోట్లు చూడండి: చిరునామా, అంతస్తులు, ఎత్తు, వినియోగం. వినియోగం దగ్గర ఇంకాస్త ఆగండి. దుకాణాల సముదాయమని అనుమతి తీసుకున్న భవనంలో పై అంతస్తులు అద్దెకు తీసుకుని నడిపే బడులు, కాలేజీలు, నర్సింగ్ హోములు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. లేచి నడవలేని రోగి కోసం కట్టే మెట్లదారి, చీరల దుకాణం కోసం కట్టే మెట్లదారి ఒకటి కావు. "వాణిజ్యం" అని రాసిన కాగితం ఆసుపత్రికి సరిపోదు.

"క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టాం" అని రసీదు చూపించవచ్చు. నాకూ చూపించారు. రసీదు అనుమతి కాదు, తనిఖీ అసలే కాదు.

సమస్య 3: ఆసుపత్రి కాగితాలన్నీ ఉన్నాయి, పడకలు మాత్రం ఎక్కువ

కారణం: ఆసుపత్రి రిజిస్ట్రేషన్ పడకల సంఖ్యకు ముడిపడి ఉంటుంది. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో పసిపిల్లల ఆసుపత్రి తగలబడినప్పుడు తేలినవి ఇవే: లైసెన్సు గడువు మార్చి 31తో ముగిసింది, అనుమతి ఐదు పడకలకే, లోపల పన్నెండు మంది శిశువులున్నారు, ఫైర్ ఎన్‌ఓసీ లేదు. గడువు తేదీ, పడకల సంఖ్య రెండూ కాగితం మీద ఉండేవే.

పరిష్కారం: ముందే తెలిసిన కాన్పుకో ఆపరేషనుకో వెళుతుంటే ఒకసారి ముందుగా వెళ్లి రండి. రిజిస్ట్రేషన్‌లోని పడకల సంఖ్య రాసుకుని, వార్డుల్లో నడుస్తూ లెక్కపెట్టండి. ఒకటీ రెండూ తేడాకు గొడవ అక్కర్లేదు, రెట్టింపైతే వేరే చోటు చూసుకోండి. సెల్లారు ఉంటే దిగి చూడండి. కోల్‌కతాలో 2011 డిసెంబరులో తొంభై మంది దాకా చనిపోయిన ఆసుపత్రి మంటలు మొదలైంది అక్కడే. పార్కింగు అని అనుమతి ఉన్న చోట సామాను నింపారు, పొగ పై వార్డులకు ఎక్కింది. అత్యవసరంగా తీసుకెళుతున్న రోగి విషయంలో మాత్రం ఇవేవీ వద్దు, వైద్యమే ముందు. చేర్చాక రెండో మెట్లదారి ఎటుందో, దాని తలుపుకు తాళం ఉందో లేదో చూసుకుంటే చాలు.

సమస్య 4: "కాగితాలు హెడ్డాఫీసులో ఉన్నాయి"

కారణం: నిజంగా అక్కడ ఉండవచ్చు, లేకపోనూవచ్చు. నకలు తెప్పించడానికి ఒక రోజు చాలు. వారం దాటినా రాకపోతే లేదనే లెక్క.

పరిష్కారం: జిల్లా అగ్నిమాపక అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజుల గడువు. అందుకే అడ్మిషన్ల హడావిడికి ముందే, జనవరిలోనో ఫిబ్రవరిలోనో పెట్టాలి. "ఈ బడి సురక్షితమేనా?" అని అడిగితే అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి పంపుతారు. ఇలా రాయండి: "ఫలానా చిరునామాలోని భవనానికి ఇచ్చిన ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ నకలు, అందులో అనుమతించిన అంతస్తులు, ఎత్తు, వినియోగం, చివరి తనిఖీ తేదీ ఇవ్వగలరు." ఇదే దరఖాస్తును ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం మునిసిపాలిటీకి కూడా పెట్టవచ్చు.

నాకు జవాబు ఇరవై ఆరో రోజున వచ్చింది. గ్రౌండ్ ప్లస్ 2 మాత్రమే, అదనపు అంతస్తుకు దరఖాస్తు కూడా అందలేదు అని ఉంది. దాని నకలు బడి కార్యాలయంలో ఇచ్చి, కట్టిన అడ్వాన్సు వెనక్కి అడిగాను. ఎందుకని అడగకుండానే ఇచ్చేశారు.