మీ ఎత్తుకు, మీ దారికి తగిన బైకును ఎంచుకోవడం ఎలా?

ముందుగా మీ ఎత్తు కాదు, కాలి లోపలి పొడవు కొలవండి. రోజూ వేసుకునే బూట్లతో గోడకు ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని తొడల మధ్య పైకి ఆనించి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల వరకు ఎంతుందో చూడండి. 163 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఇది సుమారు 76 సెంటీమీటర్లు ఉండవచ్చు.

అటువంటి వ్యక్తి గాజువాకలో ఉంటూ రోజూ విశాఖ నగరంలోకి ఉద్యోగానికి వెళ్తాడని, నెలకోసారి భార్యతో కలిసి పాడేరు ఘాట్ మీదుగా సొంత ఊరికి వెళ్తాడని, ఆ దారిలో చివరి నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డని అనుకుందాం. మనసు అడ్వెంచర్ బైకు మీదికి పోవడం సహజమే.

ఇప్పుడు సీటు ఎత్తును, బరువును కలిపి చూడాలి. అడ్వెంచర్ బైకైన హిమాలయన్ 450 సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, బరువు 196 కిలోలు. మునివేళ్లు మాత్రమే అందే స్థితిలో అంత బరువు ఒకవైపు ఒరిగితే, ముఖ్యంగా దిగువకు వాలిన రోడ్డు అంచున కాలు పెట్టబోతే నేల ఇంకా కిందికి ఉంటుంది కాబట్టి, ఆపడం కష్టం. స్ప్లెండర్ సీటు 785 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 112 కిలోలే కావడంతో ఒక్క పాదం ఆనినా నిలబెట్టవచ్చు. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు పొట్టిదవుతుంది. ఈ సంగతి కాగితం మీది అంకెల్లో కనిపించదు.

క్రూయిజర్లలో మీటియోర్ 350 సీటు 765 మిల్లీమీటర్లే కనుక పాదాలు చక్కగా ఆనుతాయి. కానీ పాదాలు ముందుకు చాచి కూర్చోవడం వల్ల గుంత వచ్చినప్పుడు సీటు మీద నుంచి లేవడం కుదరక, దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. నేలకూ బండి అడుగుభాగానికీ మధ్య ఉండే ఎత్తు, అంటే గ్రౌండ్ క్లియరెన్స్, 170 మిల్లీమీటర్లే కాబట్టి, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు అడుగుభాగం తగిలే అవకాశం ఉంది. స్పోర్ట్ బైకు మీద నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో బరువంతా మణికట్ల మీద పడుతుంది, కనుక ఈయనకు దాని అవసరం లేదు.

నా దృష్టిలో ఈయనకు 160 సీసీ కమ్యూటరే సరైనది. ఉదాహరణకు యూనికార్న్: సీటు 798 మిల్లీమీటర్లు, క్లియరెన్స్ 187, బరువు దాదాపు 140 కిలోలు. నెలకు నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డును నెమ్మదిగా దాటితే సరిపోతుంది. రోజూ ఇరవై కిలోమీటర్ల రాళ్లదారి అయితే మాత్రం అడ్వెంచర్ బైకునే ఎంచుకుని, కంపెనీ ఇచ్చే తక్కువ ఎత్తు సీటు అడగాలి. సస్పెన్షన్‌ను దించితే క్లియరెన్స్ తగ్గుతుంది, సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడి అవతలి వైపు పడిపోవచ్చు.

టెస్ట్ రైడ్‌కు ముందు స్టాండ్ తీసి, సీటు మీద కూర్చునే పాదాలతో బండిని కాస్త ఎత్తుగా ఉన్న వైపు నాలుగడుగులు వెనక్కి తోసి చూడండి. ఆ తరువాత భార్యను వెనుక కూర్చోబెట్టుకుని ఇదే మళ్లీ చేయండి. మడమలు గాలిలో తేలుతూ, పాదాలు జారుతుంటే ఆ బండి మీకు తగినది కాదు.