డేటా సబ్‌స్క్రిప్షన్ ప్రతిపాదన ఫైనాన్స్ హెడ్ దగ్గర ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

దిగుమతి సరుకు మీద నడిచే కంపెనీ అనుకుందాం. సేల్స్ వాళ్లు కొటేషన్ ఇచ్చే ముందు మారకపు రేట్ల డాష్‌బోర్డు చూసుకుంటారు. అది ఆటోమేటిక్‌గానే అప్‌డేట్ అవుతుంది, కాకపోతే రేట్లు ఉచిత సోర్స్ నుంచి వస్తాయి. డబ్బు కట్టి, తాజా రేట్లు తెచ్చే ఏపీఐ సబ్‌స్క్రిప్షన్ తీసుకుందామని మీరు ఫైనాన్స్ హెడ్‌కి ప్రతిపాదన పంపారు. అది ఏదో ఒక ప్రశ్నతో వెనక్కి వస్తోంది. ఆ ప్రశ్నను బట్టే ప్రతిపాదనలో ఏం లోపించిందో తెలిసిపోతుంది.

సమస్య: "డాష్‌బోర్డు బాగానే నడుస్తోంది కదా, మళ్లీ ఖర్చెందుకు?"

కారణం: వారికి స్క్రీన్ మీద తప్పేమీ కనిపించడం లేదు. ఓ మూలన "రిఫ్రెష్: 10:00" అని ఉంటుంది. అది డాష్‌బోర్డు వెళ్లి డేటా అడిగిన సమయం మాత్రమే, రేటు ఎప్పటిదో అది చెప్పదు. సోర్స్ పాత రేటే ఇచ్చినా రిఫ్రెష్ సక్సెస్ అయినట్టే లెక్క. పైగా ఎర్రర్ కనిపిస్తే బాగుండదని ఎవరో ఒకరు IFERROR పెట్టి, రేటు రాకపోతే పాతదే చూపించమని రాసి ఉంటారు. రిక్వెస్టులు ఎక్కువయ్యాయని సోర్స్ 429 ఎర్రర్‌తో తిప్పి పంపినా స్క్రీన్ మీద ఆ సంగతి తెలియదు.

ఉచిత సోర్స్‌లలో లోపం ఉందని కాదు, అవి పెట్టింది ఈ పనికి కాదు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రిఫరెన్స్ రేట్లనే తీసుకోండి. పనిదినాల్లో రోజుకు ఒక్కసారి, మధ్య యూరప్ కాలమానం ప్రకారం సాయంత్రం 4 గంటల ప్రాంతంలో వస్తాయి. సోమవారం పొద్దున మీరు చూసేది శుక్రవారం రేటే. ఇవి సమాచారం కోసమే, లావాదేవీలకు వాడొద్దని ఆ బ్యాంకే చెబుతోంది. ఈ ఒక్క వాక్యం ప్రతిపాదనలో ఉంటే "ఉచితంగా దొరుకుతుంది కదా" అనే వాదన సగం తగ్గుతుంది.

పరిష్కారం: రేటుతో పాటు సోర్స్ ఇచ్చే టైమ్‌స్టాంప్‌ను కూడా టేబుల్‌లోకి తెచ్చుకుని, దాని వయసు గంటల్లో చూపించండి.

```
=(NOW()-MAX(Rates[RateTime]))*24
```

RateTime అంటే రేటు నిర్ణయమైన సమయం, మీ షీట్ దాన్ని తెచ్చుకున్న సమయం కాదు. చాలా ఏపీఐలు సమయాన్ని యూటీసీలో ఇస్తాయి, మీ కాలమానంలోకి మార్చకపోతే వయసు కొన్ని గంటలు తప్పు చూపిస్తుంది. సోర్స్ తేదీ మాత్రమే ఇస్తే, అది పబ్లిష్ అయ్యే గంటను మీరే కలపాలి. NOW() ఎప్పటికప్పుడు మారిపోతుంది కాబట్టి కొటేషన్ ఇచ్చిన ప్రతిసారీ ఆ అంకెను వాల్యూగా పేస్ట్ చేసి పెట్టుకోండి. ఓ మూడు వారాలు ఇలా రాసి పెడితే చాలు. మీ కాలమానంలో శుక్రవారం సాయంత్రం 4కి వచ్చిన రేటు సోమవారం పొద్దున 10కి 66 గంటల పాతది. "రిఫ్రెష్ 10:00, రేటు వయసు 66 గంటలు" అని కనిపించే ఒక్క స్క్రీన్‌షాట్, ఫీచర్ల పేజీలన్నిటి కంటే బాగా పనిచేస్తుంది.

సమస్య: "ఆదా అన్నారు. ఏ ఖాతాలో కనిపిస్తుంది?"

కారణం: నెలకు ఇన్ని గంటలు మిగులుతాయి, గంటకు జీతం ఇంత అని గుణించి పెట్టారు. ఎవరి జీతమూ తగ్గడం లేదని ఫైనాన్స్ వాళ్లకు తెలుసు. ఆ లెక్క రాయొచ్చు గానీ, దాన్నే ముందు పెడితే మిగతాదీ నమ్మరు.

పరిష్కారం: పోయిన మూడు నెలల్లో కస్టమర్లు ఒప్పుకున్న కొటేషన్లను తీయండి. ఒక్కోదాంట్లో వాడిన రేటు పక్కన, ఆ కొటేషన్ ఇచ్చిన గంటలో ఉన్న అసలు రేటు పెట్టండి. ఆ పాత రేట్లు సబ్‌స్క్రిప్షన్ ట్రయల్‌లో దొరుకుతాయేమో వెండర్‌ని అడగండి. తేడాను దిగుమతి విలువతో గుణించి, లాభం వచ్చినవీ నష్టం వచ్చినవీ కలిపి నికరం తీయండి.

లెక్క సులువుగా ఉండటానికి సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి 100 అనుకుందాం. మూడు నెలల్లో పాత రేటుతో ఇచ్చిన కొటేషన్ల దిగుమతి విలువ 3,000. నికరంగా 1 శాతం మనకు నష్టంగా తేలింది. అంటే 30, ఏడాదికి 120. ఖర్చు కంటే 20 ఎక్కువ. అదే నికర తేడా 0.4 శాతమే అయితే ఏడాదికి 48, అప్పుడు ఈ ప్లాన్ అడగడమే తప్పు. ఆ సంగతి వాళ్లు కనిపెట్టేలోపు మనమే కనిపెట్టడం మేలు.

"రేటు ఒక్కోసారి మనకు కలిసొస్తుంది కదా, చివరికి సరిపోదా?" అని తప్పకుండా అడుగుతారు. సరిపోదు. పాత రేటు వల్ల మన ధర తక్కువ పడితే కస్టమర్ వెంటనే ఒప్పుకుంటాడు. ఎక్కువ పడితే బేరమాడతాడు, లేదా వేరేవాళ్ల దగ్గరికి వెళ్తాడు. అందుకే ఒప్పుకున్న కొటేషన్లలో నష్టం వైపు మొగ్గు ఎక్కువ ఉంటుంది. అయినా వాదనగా వదిలేయకుండా మీ డేటాతోనే చూపించండి.

ఇంకో జాగ్రత్త: కొటేషన్ ఇచ్చాక, డబ్బు కట్టేలోపు రేటు మారితే వచ్చే నష్టాన్ని ఈ లెక్కలో కలపొద్దు. దాన్ని ఏ సబ్‌స్క్రిప్షనూ ఆపలేదు, దానికి రేటును ముందే ఖాయం చేసుకునే హెడ్జింగ్ చేయాలి. ఆ రెండూ కలిపేసిన ప్రతిపాదనను ఫైనాన్స్ హెడ్ మొదటి చూపులోనే పక్కన పెడతారు.

సమస్య: "ఇంత పెద్ద ప్లాన్ ఎందుకు?"

కారణం: నెలకు డేటా అడుగుతూ ఎన్ని కాల్స్ వెళ్తాయో లెక్క వేయకుండా వెండర్ చెప్పిన ప్లాన్ రాసేశారు. 20 కరెన్సీలు, 15 నిమిషాలకోసారి, రోజుకు 10 గంటలు అనుకోండి. ఒక్కో కరెన్సీకి ఒక్కో కాల్ అయితే రోజుకు 800, నెలకు 22 పనిదినాలకు 17,600.

పరిష్కారం: అన్ని కరెన్సీలూ ఒకే కాల్‌లో తెచ్చే సదుపాయం ఉందేమో చూడండి. ఉంటే అదే పని 880 కాల్స్‌లో అయిపోతుంది. గంటకోసారి చాలనుకుంటే 220. చాలాసార్లు ప్లాన్ ఒక మెట్టు దిగుతుంది.

సమస్య: ఫైల్ లీగల్‌కి వెళ్లి అక్కడే ఉండిపోయింది

కారణం సాధారణంగా లైసెన్స్. ఒక మనిషి స్క్రీన్ మీద చూసుకోవడానికి ఇచ్చిన లైసెన్స్‌తో పాతికమంది చూసే డాష్‌బోర్డు నడపడానికి చాలా వెండర్లు ఒప్పుకోరు. కస్టమర్‌కి పంపే కొటేషన్‌లో ఆ రేటు అచ్చు వేయడం ఇంకో రకం వాడకం. సబ్‌స్క్రిప్షన్ మానేశాక దాచుకున్న పాత డేటాను చెరిపేయాలనే షరతు కూడా కొన్ని కాంట్రాక్టుల్లో ఉంటుంది. వీటికి వెండర్ నుంచి ఈమెయిల్‌లో జవాబులు తెప్పించి, ప్రతిపాదనకు జత చేయండి.

తిరిగి పంపేటప్పుడు మొదటి పేరా ఇలా ఉండొచ్చు

"మేడమ్, సోమవారాల్లో మన కొటేషన్లు 66 గంటల పాత రేటుతో వెళ్తున్నాయి. గత మూడు నెలల్లో ఒప్పుకున్న కొటేషన్ల మీద దీనివల్ల వచ్చిన నికర నష్టం 30, లెక్క జతచేశాను. గంటకోసారి రేట్లు ఇచ్చే ప్లాన్‌కు ఏడాదికి 100 అవుతుంది. ముందు మూడు నెలలకే అనుమతి కోరుతున్నాను. ఆ గడువులో రేటు వయసు పని గంటల్లో 2 గంటలు దాటకూడదు, పాత రేటు వల్ల నష్టం 5 మించకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా పొడిగించం. ఆటో రెన్యూవల్ ఆపేసి ఉంచుతాం, గడువు ముగిసేటప్పుడు ఫలితాలతో మీ దగ్గరికి వస్తాను."